గ్రాట్యుటీకి తాత చెప్పిన అర్థం

ఎల్లారెడ్డి పాత బజారులో హనుమాండ్లు ఇల్లు ఎక్కడని అడిగితే నలుగురిలో ముగ్గురు తెల్లమొహం వేస్తారు. ఇంగ్లీషు తాత ఇల్లు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకొని తీసుకెళ్లి గడపలో దిగబెడతారు. తాతకు ఆ పేరంటే ప్రాణం. పెట్టిన పేరు ఆంజనేయుడిది, వచ్చిన పేరు తెల్లదొరలది అని ఆయన పెళ్లాం ముత్తవ్వ దెప్పుతూ ఉంటుంది.

తాత పదో తరగతిలో అన్నింట్లోనూ గట్టెక్కి ఇంగ్లీషు ఒక్కదాంట్లో మునిగాడు. మళ్లీ రాశాడు, మళ్లీ మునిగాడు. ఆ సంగతి ఇప్పుడు ముత్తవ్వకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. తర్వాత కామారెడ్డిలో ఒక లారీ ఆఫీసులో బిల్టీలు రాసే గుమాస్తాగా చేరి, జుట్టు తెల్లబడేదాకా అవే రాశాడు. ఏ లారీలో ఏ సరుకు పోతోందో రాసే ఆ రసీదులన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. కోసిన మడిలో పరిగె ఏరుకున్నట్టు వాటిలోంచి ఒక్కో మాట ఏరుకున్నాడు. అట్లా ఆయనకు మాటలు చాలానే వచ్చాయి. మాటకూ మాటకూ మధ్య ఉండేదే రాలేదు.

అయినా బ్యాంకు కాయితమైనా, దుబాయి నుంచి వచ్చిన కాయితమైనా, దవాఖాన చీటీ అయినా ఆ సందులో అందరూ ఆయన అరుగు మీదికే తెచ్చేవాళ్లు. తాత పైసా తీసుకునేవాడు కాదు. నలుగురు చుట్టూ చేరి నోరు తెరుచుకొని వింటే చాలు, అదే ఆయనకు ఫీజు. ముందు కాయితమంతా ఇంగ్లీషులో, పెళ్లి మంత్రాల్లాగా గట్టిగా చదివేవాడు. ఆ తర్వాతే తెలుగులోకి దిగేవాడు.

వానాకాలం వరి కోతకొచ్చే రోజుల్లో లింగం అట్లాంటి కాయితమే ఒకటి పట్టుకొని వచ్చాడు. లింగం అదే సందు చివర ఉంటాడు. కామారెడ్డి దారిలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్‌కు ఊక వేసే పని. పెళ్లయిన ఏడాది చేరినవాడు, బిడ్డ నర్సింగు కాలేజీకి వచ్చేదాకా అదే మంట ముందు నిలబడ్డాడు. మనిషి మెత్తన, మాట తక్కువ. వెనకాల ఆయన పెళ్లాం భూదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చింది. వాళ్లను చూసి పక్కిండ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి అరుగు అంచున కూర్చున్నారు.

"బాపు, మిల్లుల గీ కాయితం ఇచ్చిన్రు. రేపటి సంది రావద్దన్నరు. దీంట్ల ఏమున్నదో జర సదువు," అన్నాడు లింగం.

తాత అద్దాలు తుడుచుకొని, గొంతు సవరించుకొని, మొదటి అక్షరం నుంచి మాలిక్ సంతకం దాకా ఇంగ్లీషులో వినిపించాడు.

"మనకు సమజ్ గాని భాషల అంతసేపు ఎందుకు సదువుతవ్," అంది ముత్తవ్వ లోపలినుంచి.

"మంత్రం అయినంకనే అర్థం చెప్తరు. నువ్వు చాయ్ పెట్టు," అని తాత లింగం వైపు తిరిగాడు. "ఉప్పుడు బియ్యం అడిగేటోళ్లు లేరట. బాయిలర్ బందు పెట్టిన్రట. గందుకని నీ నౌకరి తీసేసిన్రు. నీ తప్పు ఏం లేదని సాఫ్ రాసిన్రు."

లింగం తల ఊపాడు. తప్పు లేదన్న మాట మీద ఒక్క క్షణం ఆగినట్టున్నాడు.

"ఇక్కడ నోటీసు గురించి ఉన్నది."

"నోటీసా," అంది భూదవ్వ. "కేసు పెట్టిన్రా బాపు మా మీద?"

"కేసు గాదవ్వ. తీసేసే ముందుగాల నెలరోజులు చెప్పాలె. చెప్పలేదు కాబట్టి ఆ నెల జీతం ఇస్తున్నరు. దాని కింద ఇంకోటి, తీసేసినందుకు నష్టపరిహారం. చేసిన ఒక్కో ఏడాదికి పదిహేను దినాల జీతం. రెండూ నీ బ్యాంకుల ఏసిన్రట, సూస్కో." తాత వేలు ఒక వరస కిందికి జరిగింది. "ఇది పీఎఫ్. నెలనెల నీ జీతంల కోసింది, వాళ్లు కలిపింది. ముత్తవ్వకు బీడీల పీఎఫ్ రాలే? గదే. ఆన్‌లైన్ల పెట్టుకోవాలె."

ఇంతవరకూ చెప్పిందంతా సరిగ్గానే చెప్పాడు. ఇక్కడే ఆగి చాయ్ తాగితే ఈ కథ లేకపోయేది. కానీ ఇంకో వరస మిగిలింది. అందులో గ్రాట్యుటీ అని ఉంది.

ఆ మాట తాత ఎన్నడూ ఏరుకోలేదు. బిల్టీల మీద గ్రాట్యుటీ ఎక్కడుంటుంది. "ఒక్క నిమిషం," అని లోపలికి పోయి, అట్ట ఊడిన డిక్షనరీ తీసి, దీపం కింద పెట్టి వెతికాడు. ఇనాము, బక్షీసు అని ఉంది. తాత మొహం వెలిగింది.

"దొరికిందిరా లింగం. గ్రాట్యుటీ అంటే ఇనాం. మాలిక్ ఖుషీ అయి ఇచ్చేది. ఫారం నింపి ఇస్తే ఇస్తరట."

లింగం కాయితం మీదికి వంగి, "గ్రాట్యుటీ పక్కన ఏందో ఉన్నది గద. ఇందాక సదివినవ్. యాక్టో ఏందో," అన్నాడు.

యాక్ట్ అంటే చట్టం. ఆ మాట తాతకు తెలుసు. ప్రతి బిల్టీ వెనకా ఫలానా యాక్ట్ ప్రకారం అని అచ్చువేసి ఉండేది. ఆయన చేతుల మీదుగా అట్లాంటివి వేలల్లో పోయాయి. తెలిసిన మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ ఇనాంకు చట్టమేంటని ఆగాడు. ఆగినప్పుడు చుట్టూ చూశాడు. అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి.

"యాక్టంటే ఎరుక లేదా. యాక్టింగు. పుణ్యాత్ముని లెక్క యాక్ట్ చేసుకుంట ఇనాం ఇస్తుండు నీ మాలిక్," అన్నాడు.

అరుగంతా పకపకా నవ్వింది. లింగం కూడా నవ్వాడు. అందరికంటే చివర నవ్వడం మొదలుపెట్టింది ఆయనే, అందరికంటే ముందు ఆపిందీ ఆయనే.

"ఇనాం నాకద్దు," అన్నాడు.

"వచ్చే పైసలు అద్దనుడేందిరా," అంటూ ముత్తవ్వ చాయ్ గిలాసలతో బయటికొచ్చింది. "పొయ్యిల పెట్టుకుంటవా రోషం?"

"మా నాయన దొర ఇంటి ముందట తువ్వాల పరిసి నిలవడెటోడు అవ్వ, పండుగ ఇనాం కోసమని. నేను పక్కన నిలవడి సూసిన. దసరాకు మిల్లుల గూడ మాలిక్ కార్లకెల్లి నోట్లు ఇచ్చెటోడు. అందరు ఉరికెటోళ్లు. నేను బాయిలర్ కాడికెల్లి కదిలెటోన్ని గాదు." లింగం అంత పొడుగు మాట అనడం ఆ సందులో ఎవరూ వినలేదు. "బాపు, ఇనాం అద్దని ఇంగ్లీషుల రాసియ్యి. రేపు ఇచ్చొస్త."

ఎవరో ఒకరు వద్దనాల్సింది. భూదవ్వ నోరు తెరిచి, మొగని మొహం చూసి మూసుకుంది. తాతకైతే కాలు నేల మీద ఆగలేదు. ఇంగ్లీషులో ఉత్తరం రాయమని ఆయనను అడిగి ఎన్నాళ్లైందో. తెల్ల కాయితం తీసి, బిల్టీల నాటి గుండ్రటి రాతతో, రెస్పెక్టెడ్ సర్, ఐ డోంట్ వాంట్ గ్రాట్యుటీ, కైండ్లీ గివ్ టు పూర్ పీపుల్ అని రాశాడు. లింగం కింద సంతకం పెట్టాడు.

కొన్ని రోజుల తర్వాత తాత ఆ కాయితాల కట్ట సంచిలో పెట్టుకొని కామారెడ్డి బస్సెక్కాడు. లింగం కోత మిషను వెంట కూలికి పోతున్నాడు, పని వదిలితే ఆ దినం పోయినట్టే. పీఎఫ్ సంగతి నేను చూసుకుంటా అని తాతే మాటిచ్చాడు. బస్టాండు వెనక సందులో పద్మప్రియ అనే లాయరమ్మ ఆఫీసు ఉంది. మిల్లులవాళ్లవీ బీడీలవాళ్లవీ ఇట్లాంటి కాయితాలన్నీ ఆమె చూస్తుంది. ముత్తవ్వ పెన్షన్ కూడా ఆమె చేతి మీదుగానే వచ్చింది.

పద్మప్రియ కంప్యూటర్‌లో లింగం నంబరు కొట్టి, "ఆయన ఫోనుకు ఓటీపీ పోతది తాత, అడుగుండ్రి," అంది. తాత ఫోన్ చేశాడు. అవతల కోత మిషను చప్పుడు. ఆ చప్పుడులోంచి లింగం ఒక్కో అంకె అరుస్తుంటే తాత ఇక్కడ అరిచాడు. ఖాతా తెరుచుకుంది.

"మిల్లోళ్లు నౌకరి ఇడిచిన తారీఖు ఎక్కించిన్రు, మంచిదే. ఇంక రెండు నెలలు ఆగాలె. అప్పటిదాంక వేరే పీఎఫ్ నౌకరి దొరకకుంటే మొత్తం తీసుకోవచ్చు. దొరికితే దానికి కలుపుకోవచ్చు. పెన్షన్ భాగం మాత్రం ఇప్పుడు చేతికి రాదు. పదేండ్లు దాటినయి కాబట్టి యాభై ఎనిమిదేండ్లకు నెలనెలా పెన్షన్ వస్తది. యాభై నిండినంక కూడా తీసుకోవచ్చు గాని తగ్గిచ్చి ఇస్తరు." చెబుతూనే ఆమె మిల్లు ఉత్తరం అందుకొని చదివింది. "గ్రాట్యుటీ ఫారం ఇచ్చిన్రా?"

"ఇనాం గద బిడ్డా. లింగం అద్దన్నడు," అన్నాడు తాత. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఇనాం ఏంది తాత," అంది పద్మప్రియ. "నష్టపరిహారం వాళ్లు తీసేసినందుకు వస్తది. పీఎఫ్ ఆయన దాచుకున్నందుకు వస్తది. గ్రాట్యుటీ ఆయన పనిచేసినందుకు వస్తది. ఐదేండ్లు నిండిన ఎవరికైనా ఇయ్యాల్సిందే. ఇక్కడ రాసిన్రు సూడుండ్రి, గ్రాట్యుటీ యాక్ట్ అని. చట్టం. చివరి నెల జీతాన్ని ఇరవై ఆరు పనిదినాలకు పంచి, దాంట్ల పదిహేను దినాలది పట్టుకొని, చేసిన ఏండ్లతోని లెక్కగడ్తరు. ఆరు నెలలు దాటినదాన్ని ఏడాది కిందనే లెక్క." వేళ్ల మీద ఏదో కూడి, "లక్ష మీదనే వస్తది," అంది.

తాత చెవిలో లింగం గొంతు వినపడింది. "బాపు, ఇంకేమన్న అడుగుతున్నదా లాయరమ్మ?"

"ఏం లేదు," అన్నాడు తాత. "ఏం లేదురా. పెట్టేయ్."

ఆయన రాసిన ఇంగ్లీషు ఉత్తరం నకలు కట్టలోనే ఉంది. పద్మప్రియ అదీ చదివింది. చదువుతూ పెదవి కొరికింది, నవ్వొచ్చిందో ఏమో. "ఎవరు రాసిన్రు ఇది?"

"ఎవరో రాసిన్రు," అన్నాడు తాత.

"ఏం పర్వాలేదు. అద్దని రాసిచ్చినా చట్టం ముందర చెల్లది. అసలైతే ఆయన అడగకున్నా లెక్కగట్టి నెలరోజులల్ల ఇయ్యాల్సింది మిల్లే. గీ కాయితం ఫైలుల ఉంటే వాళ్లు మెల్లగ ఊకుంటరు, గంతే. ఇదో ఫారం. ఆయన సంతకం పెట్టిచ్చి మిల్లుల ఇయ్యిండ్రి. ఇయ్యకుంటే లేబర్ ఆఫీసుకు పోదాం."

బస్సులో తాతకు కిటికీ పక్క సీటు దొరికింది. మామూలుగా అయితే దారి పొడవునా బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చేవాడు, పక్కవాడు విన్నా వినకున్నా. ఆ రోజు ఒక్కటీ చదవలేదు. తెలియక చెప్పాను అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ యాక్టు అడ్డం వచ్చేది. ఇనాం తెలియక చెప్పిందే, డిక్షనరీ కూడా సాక్ష్యం. మరి యాక్టు? అది తెలిసి చెప్పింది. ఒక్క నవ్వు కోసం.

దిగగానే ముందు లింగం ఇంటికే పోయి చెప్పేయాలనుకున్నాడు. సందు మలుపు తిరిగేసరికి ఆ ఇంటి ముందు ట్రాలీ ఆటో ఉంది. గాంధారి దిక్కునుంచి వచ్చిన బేరగాడు ఒకడు భూదవ్వ బర్రెను దాంట్లోకి ఎక్కిస్తున్నాడు. బర్రె ఎక్కనంటోంది. భూదవ్వే మెడ మీద చెయ్యివేసి బుజ్జగించి ఎక్కించింది.

"బిడ్డ కాలేజి ఫీజు కట్టాలె బాపు," అంది తాతను చూసి. "మిల్లోళ్లు ఏసిన పైసలు మహిళా సంఘం అప్పుకే అయినయి. పీఎఫ్ వచ్చేసరికి ఆలస్యమైతదని ఆయన అన్నడు. మంచిగ పోయింది ధర, ఏం చేస్తం."

అప్పుడు నోరు తెరిచి ఒక్క మాట అంటే బర్రె దిగేది. తాత నోరు తెరిచాడు. ముందు మిల్లులో అడిగి చూద్దాం, వాళ్లు ఇవ్వమంటే? ఊరికే ఆశ పెట్టడం ఎందుకు? ఇట్లా ఏవేవో న్యాయాలు తోసుకుంటూ వచ్చాయి. వాటన్నింటి వెనక నిలబడింది ఒక్కటే, ఇంగ్లీషు తాత అనే పేరు.

"పాలెన్ని ఇస్తుండె?" అని అడిగాడు.

"పూటకు మూడు లీటర్లు," అని భూదవ్వ కళ్లు తుడుచుకుంది. ఆటో కదిలింది.

ఆ రాత్రి ముత్తవ్వ అన్నం పెట్టి, "కామారెడ్డిల ఏం తిన్నవ్, నోరు పడిపోయిందా," అని అడిగింది. ఎప్పుడూ ఆమె మాటకు మాట అప్పగించే మనిషి, పప్పులో చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత అంతా చెప్పాడు. యాక్టు సంగతి మాత్రం చెప్పలేదు.

"చెప్పు పోయి," అంది ముత్తవ్వ.

"మిల్లుల అడిగి చెప్త."

మర్నాడు తాత మిల్లుకు పోయాడు. అక్కడ లెక్కలు చూసే మహిపాల్ నెమ్మదైన కుర్రాడు, కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు. ఫైలు తీసి ఆ తెల్ల కాయితం చూపించాడు. "లింగన్ననే అద్దని రాసిచ్చిండు గద సార్. నేను గూడ పరేషాన్ అయిన. మా సేటు అయితే ఆఫీసుల అందరికి సదివి ఇనిపిచ్చిండు."

తాతకు ఎండలో నిలబడ్డట్టయింది. ఆయన రాత అంత అందంగా ఆయనకే ఎప్పుడూ కనపడలేదు. ఒంపులన్నీ ముద్దుగా ఉన్నాయి.

"అది చెల్లదంట. లాయరమ్మ చెప్పింది," అన్నాడు.

"ఎరుకనే సార్. మా ఆడిటర్ గూడ గదే అన్నడు, ఎప్పటికైనా ఇయ్యాల్సిందేనని. సేటు ఏమంటడంటే, మనిషి అద్దని రాసిచ్చి కూసున్నంక పైసలు ఎట్ల ఏసుడు, ఆయిన్నే ఫారం పెట్టమను అంటడు. లింగన్న సంతకంతోని ఫారం తెండ్రి, పదిహేను దినాలల్ల ఎంతొస్తదో కాయితం ఇస్తం. నెల దాటకుంట బ్యాంకుల పడతది."

అంతా ఒక సంతకం దగ్గర ఆగింది. లింగం సంతకం అంటే తాతకు భయమే లేదు. ఏ కాయితం చూపించి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాడు, చదవడు. దారి పొడవునా తాత మనసులో ఆ మాటే తిరిగింది. పీఎఫ్ ఫారం అని చెప్పి పెట్టించుకుంటే? పైసలు వచ్చాక ఏ పద్దు కింద వచ్చాయో ఎవరు చూస్తారు? లింగం రోషం దక్కుతుంది, తాత పేరు దక్కుతుంది, పిల్ల ఫీజు దక్కుతుంది. దీనికంటే మంచి పని ఉందా?

పొద్దుగూకే వేళకు లింగం ఇంటికి పోయాడు. లింగం అప్పుడే మడినుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఒళ్లంతా వరి నుసి. బర్రెను కట్టే చోట భూదవ్వ కట్టెలు పేర్చింది.

"గిక్కడ సంతకం పెట్టు," అన్నాడు తాత.

"దేనిది బాపు?"

"పీఎఫ్‌ది."

లింగం చేతులు తుడుచుకొని పెన్ను తీసుకున్నాడు. అడగలేదు, చూడలేదు. ఫారాన్ని తొడ మీద పెట్టుకొని మొదటి అక్షరం మెల్లగా గీశాడు. బాయిలర్ మంటకు కాలి బిరుసెక్కిన వేళ్లు, పెన్నును గొడ్డలిలాగా పట్టుకున్నాయి. తాత ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. రెండో అక్షరం దగ్గర చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. పీఎఫ్‌ది కాదు."

"మరి?"

"గ్రాట్యుటీది. నేను తప్పు చెప్పిన్రా లింగం. అది ఇనాం గాదు. చేసిన పనికి చట్టం ఇప్పిచ్చేది. నువ్వు దినాం ఊక పోసిన దానిలకెల్లి వచ్చిన పైసలు. ఎవని దయా లేదు."

లింగం పెన్ను కింద పెట్టాడు. భూదవ్వ వైపు చూశాడు. "నువ్వు చెప్పినవా బాపుకు? బర్రె పోయిందని ఏడ్సినవా?"

"నేనెందుకు చెప్త," అంది భూదవ్వ.

"మా మీద జాలిపడి గిట్ల అంటున్నవ్ బాపు," అన్నాడు లింగం. "నాకు ఎరుకే. ఇనాం అంటే తీస్కోనని పేరు మార్సుకొచ్చినవ్."

"లేదురా. నాకు ఇంగ్లీషు రాదు. పదో తరగతి ఇంగ్లీషుల ఫేలైన, రెండుసార్లు. ముత్తవ్వను అడుగు."

లింగం నవ్వాడు. "నీకు ఇంగ్లీషు రాకపోవుడేంది బాపు. మొత్తం కాయితం గడగడ సదివినవ్. నోటీసు గురించి చెప్పింది నిజమే అయింది. బ్యాంకుల పైసలు గట్లనే పడ్డయి. నా కోసం నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు."

ఇంగ్లీషు రాదని ఒప్పుకోవడం ప్రపంచంలో అన్నిటికంటే కష్టమనుకున్నాడు తాత. ఒప్పుకున్నా నమ్మకపోతే ఏం చెయ్యాలో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఇంక మిగిలింది ఒక్కటే. అది ముత్తవ్వకు కూడా చెప్పనిది.

"నువ్వు ఆ దినం యాక్టు అంటే ఏంది అని అడిగినవ్ గద," అన్నాడు.

"అడిగిన."

"యాక్టంటే చట్టం. అది నాకు ఎరుకనే. బిల్టీల మీద పుట్టెడు సార్లు సూసిన. ఎరుక ఉండి గూడ యాక్టింగు అన్న. అరుగు మీద నలుగురు ఉన్నరు, నవ్వుతరని. నువ్వు సక్కగనే అడిగినవ్. ఆగి ఒక్క నిమిషం ఆలోచన చేస్తే నాకు తెలుస్తుండె. నవ్వు కోసం నీ పైసలు నీళ్లల్ల కలిపిన." తాత అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నిన్న బర్రె పోతున్నప్పుడు గూడ నాకు తెలుసు. లాయరమ్మ పొద్దుగాలనే చెప్పింది. నిలవడి పాలెన్ని అని అడిగిన."

లింగం నవ్వు అక్కడ ఆగింది. ఈ మాట నమ్మాడు. ఆ దినం నవ్వినవాళ్లలో తానూ ఉన్నాడు, ఎక్కడ నవ్వాడో గుర్తుంది. ఫారాన్ని తొడ మీదినుంచి తీసి పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది. భూదవ్వ కట్టెల మీద చెయ్యి ఆనించి, తాతను కాకుండా ఆ ఖాళీ జాగానే చూసింది.

"చేసినదానికేనా బాపు? ఒట్టేనా?" అని అడిగాడు లింగం.

"ఒట్టే. మజూరి. మిల్లోడు నీకు బాకి ఉన్నడు, చట్టం వసూలు చేసి ఇస్తున్నది."

"బాకి అయితే తీస్కుంట," అన్నాడు లింగం. పెన్ను అందుకొని ఆపిన చోటునుంచి సంతకం పూర్తి చేశాడు. ఫారాన్ని తాత చేతికివ్వలేదు. మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "రేపు నేనే పోయి ఇస్త."

తాత లేచాడు. బర్రె కోసం గాంధారి పోయి అడుగుతానన్నాడు. పోయాడు కూడా. బేరగాడు అప్పటికే దాన్ని ఇంకెవరికో అమ్మేశాడు, ఆ ఇంకెవరో అంగడిలో తప్ప ఎక్కడా కనపడని మనిషి. తాత ఆటోలో ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. బర్రె తిరిగొస్తుందని పలుపు తాడు ఒకటి కొని దాచుకున్నాడని ముత్తవ్వ ఎన్నాళ్లో దెప్పింది.

అరుగు మీద ఆయనే అందరికీ చెప్పాడు, యాక్టుతో సహా. మొదట ఎవరూ నమ్మలేదు, తర్వాత నమ్మారు, తర్వాత మరీ ఎక్కువ నమ్మారు. బ్యాంకు కాయితాలు పద్మప్రియ ఆఫీసుకు పోసాగాయి. పిల్లలు మాత్రం ఇంగ్లీషు తాత అనడం మానలేదు. ఇప్పుడు అంటుంటే ఆయన తల ఎత్తడు.

మిల్లు మాట నిలబెట్టుకుంది. పదిహేను రోజుల్లోపే ఎంత ఇస్తారో లెక్కగట్టిన కాయితం వచ్చింది, ఇంగ్లీషులోనే. లింగం దాన్ని తీసుకొని తిన్నగా తాత అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"నా దగ్గరికి ఎందుకు తెచ్చినవ్," అన్నాడు తాత. "కామారెడ్డి పోవచ్చు గద."

"బస్సుకు పైసలు దండుగ. సదువు."

తాత అద్దాలు తుడుచుకున్నాడు. ఇంగ్లీషులో పైకి చదవలేదు. వేలు పెట్టి ఒక్కో మాట దగ్గర ఆగుతూ, గొంతు తగ్గించి తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. నెల జీతం ఇంత, పదిహేను దినాలది ఇంత, ఏండ్లు ఇన్ని, మిగిలిన నెలలను నిండు ఏడాది కింద పట్టారు. పైసలు ఫలానా తారీఖు లోపల పడతాయి. కింద ఒక మాట దగ్గర వేలు ఆగింది. తాత దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది నాకు రాదు," అన్నాడు. "డిక్షనరీ తియ్యను. లాయరమ్మకు ఫోన్ చేసి అడుగుదాం."

లింగం ఫోను తీసి తాత చేతిలో పెట్టాడు. అటు గంట మోగుతుంటే, "గీ రాదన్న మాట నీకు ఎంత మంచిగ వస్తున్నది బాపు," అన్నాడు, ఎగతాళి లేకుండా. లోపల ముత్తవ్వ గిన్నెల చప్పుడు ఆపింది. తాత ఫోను చెవికి ఆనించుకొని, లింగం మొహం చూడలేక, ఆ రాని మాట మీదే వేలు ఉంచి కూర్చున్నాడు.